విడాకుల ప్రశ్నకు గీత గీసి జవాబు రాయకు: సుమకు పెద్దనాన్న ఉత్తరం

సుమా,

నువ్వు పంపిన జవాబు ఫోటోలు రాత్రి రెండుసార్లు చదివాను. సెక్షన్లు ఒక్కటీ తప్పు లేవు, చేతిరాత కూడా బాగుంది, కానీ నేను దిద్దితే పదిహేనుకి ఏడు మార్కులు దాటవు. ఎందుకో చెప్తాను, మనసు కష్టపెట్టుకోకు. తప్పు ఆధారంగా ఇచ్చే విడాకుల్ని, తప్పుతో పని లేకుండా ఇచ్చే విడాకుల్ని పోల్చి రాయమని ప్రశ్న. నువ్వు పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ పక్క హిందూ వివాహ చట్టం 13(1)లోని కారణాలన్నీ, కుడి పక్క ఇద్దరి అంగీకారంతో విడాకులిచ్చే 13బి పెట్టి, కింద ‘కాబట్టి మన చట్టంలో రెండూ ఉన్నాయి’ అని ముగించావు. పక్కపక్కన పెట్టడం పోల్చడం కాదమ్మా.

పోల్చాలంటే రెండింటినీ ఒకే ప్రశ్న అడగాలి. ఎదుటివాళ్ళు వద్దంటే కోర్టు ఏం చేస్తుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని జవాబంతా నడిపించు, అదే దారి చూపిస్తుంది.

తప్పు ఆధారంగా అయితే, క్రూరత్వమో పరిత్యాగమో వ్యభిచారమో ఎదుటివాళ్ళు చేశారని పిటిషన్ వేసినవాళ్ళు రుజువు చేయాలి. చేయగలిగితే అవతలివాళ్ళు వద్దన్నా విడాకులు వస్తాయి. కానీ అక్కడితో అయిపోదు, 23వ సెక్షన్ పిటిషనర్ వైపు కూడా తిరిగి చూస్తుంది. నువ్వు కూడా ఆ తప్పులో భాగస్వామివా, తెలిసీ క్షమించేశావా, నీ సొంత తప్పుతో లాభం పొందాలని చూస్తున్నావా అని అడుగుతుంది. 1975లో సుప్రీం కోర్టు తేల్చిన దస్తానే కేసులో భార్య ప్రవర్తన క్రూరత్వమేనని కోర్టు నమ్మింది, అయినా ఆ తర్వాత కూడా ఇద్దరూ దాంపత్యం సాగించారు కాబట్టి భర్త క్షమించినట్టేనని అతని కేసు కొట్టేసింది. నువ్వు 23వ సెక్షన్ ఊసే ఎత్తలేదు. అది లేకుండా ‘తప్పు’ సిద్ధాంతం సగమే రాసినట్టు.

13బి దగ్గరికొస్తే, ఎవరిది తప్పని కోర్టు అడగదు. ఏడాదిగా విడిగా ఉంటున్నారు, కలిసి ఉండలేకపోయారు, విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు, అంతే కావాలి. 1976లో వచ్చిన సెక్షన్ ఇది. మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగాలనే నియమాన్ని తగిన కేసుల్లో సడలించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పారు, దానికి ఒక్క వాక్యం చాలు. ఎక్కువ చోటు ఇవ్వాల్సింది 1991 నాటి సురేష్ఠా దేవి కేసుకి. డిక్రీ వచ్చేదాకా ఇద్దరి అంగీకారమూ నిలిచి ఉండాలి, మధ్యలో ఒకరు వెనక్కి తీసుకుంటే విడాకులు రావు అన్నారు. అంటే ఇక్కడ ఎదుటివాళ్ళు వద్దంటే కేసు అక్కడితో ఆగిపోతుంది. తప్పు నిరూపించక్కర్లేదు కానీ ఒక్కరే కావాలంటే దొరకదు. చాలామంది ‘తప్పు లేని విడాకులు సులువు’ అని రాసేసి ఈ మాట వదిలేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు గీసిన గీత మీదే కూర్చున్న సెక్షన్ ఒకటుంది, 13(1ఎ). దాన్ని నువ్వు ఒక్క లైనులో, అదీ ఎడమ పక్క, పడేశావు. పెళ్ళి రద్దు కాకుండానే విడిగా ఉండవచ్చని కోర్టు ఇచ్చే జ్యుడీషియల్ సెపరేషన్ డిక్రీ వచ్చాక ఏడాదిపాటు భార్యాభర్తలు మళ్ళీ కలవకపోతే, లేదా 9వ సెక్షన్ కింద దాంపత్య హక్కుల పునరుద్ధరణ డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కాపురం మొదలవకపోతే, ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు. ఈ ‘ఎవరైనా’ అనే మాట 1964 సవరణతో వచ్చింది. అంతకుముందు డిక్రీ గెలిచినవాళ్ళే అడగాలి, అంటే అప్పటిదాకా అది తప్పు సిద్ధాంతమే. ఓడినవాళ్ళు కూడా అడగవచ్చు అన్న రోజున, ఎవరిది తప్పు అన్నది వెనక్కి పోయి, ఈ కాపురం ఇంకా ఉందా అన్నది ముందుకొచ్చింది.

ఒక ఉదాహరణ తీసుకో. భార్య గుంటూరులో, భర్త హైదరాబాదులో. నా భర్త నన్ను కాపురానికి తీసుకెళ్ళాలి అని ఆమె 9వ సెక్షన్ కింద వేసి 2022 మార్చిలో డిక్రీ తెచ్చుకుంది. అతను రాలేదు, ఆమెను రమ్మనలేదు. 2023 ఏప్రిల్‌లో అతనే 13(1ఎ) కింద విడాకులకి వేశాడు. డిక్రీని లెక్కచేయనివాడే దాన్ని అడ్డం పెట్టుకుని విడాకులు అడగడమేమిటి, ఇది సొంత తప్పుతో లాభం పొందడం కాదా అని 23(1)(ఎ) చూపించి ఆమె అభ్యంతరం చెప్పింది. చదవగానే ఆమె వైపే న్యాయం ఉందనిపిస్తుంది కదా? కానీ 1977లో ధర్మేంద్ర కుమార్ కేసులో, కలిసి ఉండటానికి ఇష్టపడకపోవడం ఒక్కటే ‘తప్పు’ కాదని, విడాకులు నిరాకరించేంత తీవ్రమైన ప్రవర్తన ఉండాలని సుప్రీం కోర్టు చెప్పింది. 1984లో సరోజ్ రాణి కేసు దాదాపు మన ఉదాహరణలాంటిదే, డిక్రీ భార్యకి వచ్చింది, విడాకులు భర్త అడిగాడు, కోర్టు ఇచ్చింది. కాబట్టి మన భర్తకీ విడాకులు వచ్చే అవకాశమే ఎక్కువ.

అక్కడ ఆగకుండా వాస్తవాలు కాస్త మార్చి చూడు. భార్యకి వచ్చింది భర్త వ్యభిచారం మీద జ్యుడీషియల్ సెపరేషన్ డిక్రీ అనుకో, ఆ తర్వాత కూడా అతను అదే సంబంధం కొనసాగిస్తూ, కోర్టు కట్టమన్న భరణం కట్టకుండా, ఏడాది గడిచింది కదా అని విడాకులు అడిగాడు. 2001లో హీరాచంద్ కేసులో ఇలాంటి భర్తకి విడాకులు ఇవ్వలేదు. చూశావా, తప్పుతో పని లేదనుకున్న సెక్షన్‌లోకి 23 తలుపు తీసి తప్పుని మళ్ళీ లోపలికి రానిచ్చింది. పేపర్ దిద్దేవాళ్ళు ఈ రెండు పేరాలు చూస్తే నువ్వు పోల్చావని ఒప్పుకుంటారు.

పనిలో పనిగా మన హైకోర్టుని మర్చిపోకు. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ 9వ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమంది, ఇష్టం లేని మనిషిని కాపురానికి పంపడం ఆమె గోప్యతని, శరీరం మీద ఆమె హక్కుని దెబ్బతీస్తుందని. నాకు ఇప్పటికీ ఆ తీర్పు అంటే గౌరవం. కానీ సరోజ్ రాణిలో సుప్రీం కోర్టు దాన్ని ఒప్పుకోలేదు, అందుకే 9వ సెక్షన్, దాని మీద నడిచే 13(1ఎ) దారి నిలిచాయి. ఈ రెండో సగం రాయకుండా సరిత ఒక్కటే రాస్తే మార్కులు పోతాయి.

చివరి పేజీలో నువ్వు చేసింది పెద్ద పొరపాటు. ‘కోలుకోలేనంతగా విఫలమైన వివాహం ఇప్పుడు మన చట్టంలో విడాకుల కారణం’ అని రాశావు. కాదు. లా కమిషన్ 1978లో 71వ నివేదికలో, మళ్ళీ 2009లో 217వ నివేదికలో సిఫార్సు చేసింది, 2006లో నవీన్ కోహ్లీ కేసులో సుప్రీం కోర్టూ అడిగింది, బిల్లు 2013లో రాజ్యసభ దాటి అక్కడితో ఆగిపోయింది. 2023 మేలో శిల్పా శైలేష్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఏమిటంటే, 142వ అధికరణం కింద సుప్రీం కోర్టు, ఒకరు వద్దన్నా సరే, అలాంటి పెళ్ళిని రద్దు చేయగలదని. అది కోర్టు విచక్షణ, ఎవరూ హక్కుగా అడిగేది కాదు. గుంటూరు ఫ్యామిలీ కోర్టుకి గానీ, హైకోర్టుకి గానీ ఆ అధికారం లేదు. నేను ప్రాక్టీసులో ఉన్నప్పుడు పన్నెండేళ్ళు విడిగా ఉన్న ఒక జంట కేసులో, పెళ్ళి మిగల్లేదని జడ్జిగారికీ తెలుసు, కానీ మా పిటిషన్‌లో రాసిన క్రూరత్వం రుజువు కాలేదు, డిక్రీ రాలేదు. చట్టంలో ఖాళీ ఉందంటే కాగితం మీద ఖాళీ కాదు, ఆ ఇద్దరి జీవితంలో ఖాళీ. దాన్నే నీ విమర్శ పేరాకి ముడిసరుకుగా వాడుకో. కానీ ఇంకో పక్క కూడా రాయి, వదిలేసిన భర్తే ‘పెళ్ళి విఫలమైంది’ అని వస్తే సంపాదన లేని భార్య గతేమిటని అడిగేవాళ్ళ భయం ఉత్తది కాదు, ఆ బిల్లులో భార్య తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది చూపించి వ్యతిరేకించే వీలు పెట్టింది అందుకే.

కారణాల జాబితాకి అర పేజీ మించి ఇవ్వకు. 13(1ఎ)కి ఒకటిన్నర పేజీ తీసుకో. గడియారం పెట్టుకుని మళ్ళీ రాసి ఆదివారంలోపు ఫోటోలు పంపు, ఈసారి ముందు ఆ హీరాచంద్ పేరానే చూస్తాను.

మీ పెద్దనాన్న