4.8 లక్షల ప్యాకేజీలో నెలకు చేతికొచ్చేది ఎంత?

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర ఊరు. పత్తి, మక్క పండిస్తం. బిడ్డ హన్మకొండలో బీటెక్ ఆఖరు సంవత్సరం. క్యాంపస్‌లో రెండు ఆఫర్లు వచ్చినయి, రెండూ హైదరాబాద్‌లనే. ఒకటి 4.8 లక్షలు, ఇంకోటి 4.2 లక్షలు. నేను నెలకు నలబై వేలు, ముప్పై అయిదు వేలు అని లెక్కేసుకున్న. సీనియర్లేమో అంత రాదంటున్నరు. చదువు లోన్ కిస్తీ నెలకు 9 వేలు కట్టాలె. రెండు లెటర్లు పంపుతున్న, ఏది మంచిదో చెప్పుండ్రి.

జవాబు: సీనియర్లు చెప్పింది నిజమే. ఇంకో మాట వింటే ఆశ్చర్యపోతారు. నెలనెలా బ్యాంకులో పడేది మాత్రమే చూస్తే 4.2 లక్షల లెటరే దాదాపు వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తుంది.

ఎనుమాములకు పత్తి తోలినప్పుడు మీకు ఇది అలవాటైన సంగతే. బోర్డు మీద క్వింటాలు రేటు ఒకటి ఉంటుంది, హమాలీ, తూకం అన్నీ పోయాక తక్‌పట్టీ కింద రాసేది ఇంకొకటి ఉంటుంది. సీటీసీ అనేది బోర్డు మీది రేటు. మీ బిడ్డ కోసం కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు అది. అందులో జీతం ఒక భాగం మాత్రమే. లెటర్ వెనక అనెక్సర్ అని ఒక పట్టిక ఉంటుంది, తక్‌పట్టీ అదే. చాలామంది మొదటి పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, ఆ పట్టిక దాకా పోరు.

4.8 లక్షల లెటర్ పట్టిక చూద్దాం. బేసిక్ నెలకు 20,000, ఇంటి అద్దె కోసం ఇచ్చే హెచ్‌ఆర్‌ఏ 8,000, స్పెషల్ అలవెన్సు 4,000. ఈ మూడూ కలిపితే 32,000. దీన్నే గ్రాస్ అంటారు, ఏడాదికి 3,84,000. మరి 4,80,000లో మిగిలిన 96,000 ఎక్కడ పోయింది? అందులో సగం, అంటే 48,000, వేరియబుల్ పే, పనినీ కంపెనీ లాభాన్నీ బట్టి ఇచ్చేది. అమ్మాయి పేరు మీద దాచే భవిష్య నిధి, అంటే పీఎఫ్‌లో కంపెనీ వంతు 28,800. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ 11,544. మెడికల్ ఇన్సూరెన్సు ప్రీమియం 7,656. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా నెల జీతంలో కనపడదు.

గ్రాస్ 32,000 కూడా పూర్తిగా చేతికి రాదు. బేసిక్ మీద 12 శాతం, అంటే 2,400, మీ అమ్మాయి వంతు పీఎఫ్ కింద కోస్తారు. తెలంగాణలో జీతం 20,000 దాటితే నెలకు 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ పడుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ జీతానికి పడదు. మిగిలేది 29,400. మీ నలబై వేల లెక్కకూ దీనికీ తేడా పదివేల పైమాటే.

4.2 లక్షల లెటర్‌లో వేరియబుల్ లేదు. ఇన్సూరెన్సు ఉంది కానీ దాన్ని సీటీసీలో కలపలేదు. బేసిక్ 17,500. పీఎఫ్ మాత్రం 17,500 మీద కాకుండా 15,000 మీదే లెక్కగట్టారు, కాబట్టి కంపెనీ వంతు నెలకు 1,800. ఏడాదికి అది 21,600, గ్రాట్యుటీ 10,101. ఈ రెండూ తీసేస్తే గ్రాస్ నెలకు 32,358. అందులోంచి ఆమె వంతు పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 30,358 వస్తుంది.

ఇక్కడ పీఎఫ్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ తికమకపడేది దీని దగ్గరే. "కంపెనీ కూడా అంతే కలుపుతుంది కదా సార్, మనకు లాభమే కదా" అంటారు. కలుపుతుంది, నిజమే. కానీ ఆ వంతును ముందే సీటీసీలో లెక్కేసుకుంది. అంటే రెండు వంతులూ మీకు చెప్పిన 4.8 లక్షల్లోంచే పోతున్నాయి. పోతున్నాయంటే నష్టమని కాదు, అమ్మాయి పేరు మీద జమవుతున్నాయి. 2024-25కి ఆ డబ్బు మీద వడ్డీ 8.25 శాతం ఇచ్చారు. కాకపోతే కిస్తీ కట్టడానికి ఆ డబ్బు పనికిరాదు.

పీఎఫ్ చట్టంలో జీతం పరిమితి 15,000. బేసిక్ అంతకంటే ఎక్కువున్నా, ఆ 15,000 మీదే 12 శాతం, అంటే 1,800, కడితే చట్టం ఒప్పుకుంటుంది. మొదటి కంపెనీ పూర్తి బేసిక్ మీద కడుతోంది, రెండోది పరిమితి మీద కడుతోంది. తేడా అంతా అక్కడే ఉంది. కొన్ని కంపెనీలు జాయినింగ్ రోజున "పూర్తి బేసిక్ మీదా, 1,800 చాలా" అని ఉద్యోగినే అడుగుతాయి. మొదటి కంపెనీలో ఆ వీలుందేమో అమ్మాయిని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి కనుక్కోమనండి. ఉండి, తగ్గిన కంపెనీ వంతు 600ను స్పెషల్ అలవెన్సులో కలిపితే గ్రాస్ 32,600 అవుతుంది, చేతికి 30,600 వస్తుంది. అప్పుడు నెల జీతంలో కూడా 4.8 లక్షల లెటరే ముందుంటుంది. అయితే ఆ 600 తిరిగి జీతంలో కలుస్తుందా లేదా అన్నది తప్పకుండా అడగాలి. కొన్నిచోట్ల కలపరు, ఆ డబ్బు ఊరికే పోతుంది.

ఇంకో చిన్న సంగతి. మొదటిసారి ఉద్యోగంలో చేరుతూ బేసిక్ 15,000 దాటినవాళ్లు పెన్షన్ పథకంలోకి రారు, 2014 సెప్టెంబర్ నుంచి ఉన్న నిబంధన ఇది. కాబట్టి కంపెనీ వంతు మొత్తం పీఎఫ్‌లోకే పోవాలి. రెండు మూడు నెలలయ్యాక పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడమనండి. పెన్షన్ గడిలో 1,250 కనపడితే కంపెనీలో జీతాల లెక్క చూసే పేరోల్ వాళ్లు పొరపాటు చేశారన్నమాట. వెంటనే చెబితే సులువుగా సరవుతుంది. ఉద్యోగం మారి డబ్బు బదిలీ చేసుకునేటప్పుడు బయటపడితే తిరగాల్సి వస్తుంది.

ఇక గ్రాట్యుటీ. లెటర్‌లో బేసిక్ మీద 4.81 శాతం అని కనపడుతుంది. ఆ అంకె ఊరికే రాలేదు. చట్టం ప్రకారం ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం ఇవ్వాలి, నెలకు 26 పని దినాలని లెక్క. 15ను 26తో, ఆ వచ్చినదాన్ని 12తో భాగిస్తే 4.81 శాతం వస్తుంది. బేసిక్ 20,000 దగ్గరే ఉందనుకుంటే అయిదేళ్లకు చేతికొచ్చేది 57,692. సీటీసీలో అయిదేళ్లు చూపించేది 57,720. రెండూ దాదాపు ఒకటే. పర్మనెంట్ ఉద్యోగికి సాధారణంగా అయిదేళ్లు నిండితేనే ఇది దక్కుతుంది. మూడేళ్లకే మానేస్తే, లెటర్‌లో చూపిన 34,632లో పైసా రాదు. పీఎఫ్ లాగా ఆమె పేరు మీద నెలనెలా ఖాతాలో పడే డబ్బు కాదిది. మొదటి ఉద్యోగంలో అయిదేళ్లు ఉండేవాళ్లు తక్కువ కాబట్టి, ఇంటి లెక్కలో నేనైతే దీన్ని సున్నాగానే వేసుకుంటాను. లెటర్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు అని ఉంటే సంగతి వేరు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సామాజిక భద్రతా కోడ్ ప్రకారం అలా గడువు పెట్టి తీసుకున్నవాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వర్తిస్తుంది. మీ అమ్మాయివి రెండూ పర్మనెంట్ ఉద్యోగాలే.

చివరికి మిగిలింది వేరియబుల్. నిజానికి మీ ప్రశ్నకు జవాబు దీని దగ్గరే ఉంది. వేరియబుల్ ఒక్క రూపాయి కూడా రాదనుకుని, చేతికొచ్చేదీ రెండు వంతుల పీఎఫ్ కలిపి ఏడాదికి చూడండి. మొదటి కంపెనీలో 4,10,400, రెండోదాంట్లో 4,07,496. తేడా 2,904 రూపాయలు! అంటే 60,000 ఎక్కువున్న ఆఫర్ అనుకున్నది, వేరియబుల్ రాకపోతే మూడు వేలు కూడా ఎక్కువ లేదు. వస్తే ఎంత వస్తే అంత మేలు.

లెటర్‌లో దీన్ని "టార్గెట్ వేరియబుల్" అని రాశారు. టార్గెట్ అంటే అన్నీ కుదిరితే వచ్చేది. అమ్మాయి పనికి వచ్చే రేటింగు, కంపెనీకి ఆ ఏడు వచ్చిన లాభం, రెండూ చూసి అందులో కొంత శాతం ఇస్తారు. ఇంకో షరతు చిన్న అక్షరాల్లో ఉంది, నాలుగో పేజీలో చూడండి: డబ్బు ఇచ్చే తేదీన ఉద్యోగంలో ఉండాలి, రాజీనామా పెట్టి ఉండకూడదు. ఈ ఒక్క వాక్యం నాకు బాగా అనుభవమే. నా మొదటి ఉద్యోగంలో ఏడాదంతా పనిచేసి మార్చి ఆఖర్లో రాజీనామా ఇచ్చాను. వేరియబుల్ మే జీతంతో ఇస్తారని నాకు తెలుసు, సంవత్సరం పూర్తయింది కదా, వస్తుందనుకున్నాను. నోటీసు కాలంలో ఉన్నవాళ్లకు ఇవ్వరని లెక్కలు తేల్చే రోజున చెప్పారు. రెండు నెలలు ఆగి ఉంటే ముప్పై వేలకు పైగా వచ్చేవి.

అందుకని ఆ కంపెనీలో పోయినేడు, అంతకు ముందేడు చేరిన వాళ్ల కాలేజీ సీనియర్లను అమ్మాయిని అడగమనండి. "వేరియబుల్ వచ్చిందా" అని కాదు, "టార్గెట్‌లో ఎంత శాతం వచ్చింది, ఏ నెలలో పడింది, చేరిన మొదటి ఏడాది ఎన్ని నెలలకు లెక్కగట్టారు" అని. జూలైలో చేరితే మార్చి వరకు తొమ్మిది నెలలకే లెక్క వేస్తారు, అంటే మొదటిసారి టార్గెటే 36,000. అందులో 70 శాతం అనుకుంటే 25,200.

ఇద్దరు ముగ్గురు సీనియర్లు సగానికి పైగా వచ్చిందని చెబితే నా ఓటు 4.8 లక్షల ఆఫర్‌కే. కిస్తీ పోగా నెలకు 20,400 మిగులుతుంది, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇరుకుగానైనా నెట్టుకురావచ్చు. సీనియర్లు నీళ్లు నమిలితే 4.2 లక్షలది తీసుకోండి. నెలకు వెయ్యి ఎక్కువ వస్తుంది, ఎవరి దయ మీదా ఆధారపడక్కర్లేదు. మొదటి లెటర్ మీద సంతకం పెట్టే ముందు బాండు ఏమైనా ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కూడా చదవమనండి. మీరు పంపిన కాపీలో అయిదో పేజీ లేదు, సాధారణంగా అది అక్కడే ఉంటుంది.

కిస్తీ తేదీ కూడా చూసుకోండి. నెల మధ్యలో చేరితే మొదటి జీతం పనిచేసిన రోజులకే ఇస్తారు. జూలై 14న చేరితే 18 రోజులకు గ్రాస్ 18,600 దాకా వస్తుంది, అందులోంచి పీఎఫ్ పోతుంది, హాస్టల్ అడ్వాన్సు అప్పుడే కట్టాలి. ఆ ఒక్క నెల 9 వేలూ మీ దగ్గర పక్కన పెట్టుకోండి.