ఇంగ్లిష్ మెనూలో గోంగూర పచ్చడి

ప్రశ్న: మెనూను ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నాం. గోంగూర పచ్చడిని ‘సోరెల్ చట్నీ’ అనవచ్చా?

వద్దు, ‘గోంగూర పచ్చడి’ అనే పేరునే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, కింద ఒక్క వాక్యంలో అదేమిటో చెప్పండి. పేరు ఆర్డరు చెప్పడానికి పనికొస్తుంది, వివరణ తినాలో వద్దో తేల్చుకోవడానికి. అందుకే వివరణలో ప్రధాన దినుసు, వండిన తీరు, రుచి ఉండాలి. ఉదాహరణకు, ‘పుల్లని మందార జాతి ఆకును నూనెలో మగ్గించి, ఎండుమిర్చి, వెల్లుల్లితో నూరిన కారపు పచ్చడి, అన్నంలో కలుపుకోవాలి’ అన్న అర్థం వచ్చేలా రాయండి. నువ్వులు వేస్తే అదీ తప్పక చెప్పాలి, కొందరికి అవి పడవు.

నిఘంటువు చూసి సోరెల్ అంటే గోంగూరే అనుకుంటారు చాలామంది. ఐరోపాలో సోరెల్ మన చుక్కకూర జాతి మొక్క. కరీబియన్ దీవుల్లోనైతే గోంగూర జాతి మొక్క ఎర్రని పుష్పకోశాలతో చేసే పానీయం. ఇక చట్నీ అంటే బ్రిటన్‌లో చాలామందికి తియ్యని మామిడి చట్నీయే!