మాట్లాడితే కుక్క తల వంచుతోందా? మాట ఆగాక ఆ తల ఎక్కడుందో చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కుక్కకి నాలుగేళ్లు. మేం ఏదైనా మాట్లాడితే చాలు తల కుడి పక్కకి వంచి చూస్తుంది, ఎప్పుడూ కుడి పక్కకే. పిల్లలేమో అది తెలివి అంటున్నారు, తెలిసినాయన ఒకరు చెవిలో లోపం ఉంటేనే అలా చేస్తాయి అన్నారు. ఏది నిజం? డాక్టర్‌కి చూపించాలా?

సమాధానం: ముందు ఇవాళే ఒకటి గమనించండి. మీరు మాట్లాడటం ఆపేశాక ఆ తల ఎక్కడుంటోంది? రెండు మూడు సెకన్లలో నిటారుగా వచ్చేస్తే అది వింటోంది అంతే, చెవికి ఏమీ కాలేదు. మీరు గదిలో లేనప్పుడు కూడా, తింటున్నప్పుడు కూడా, నడుస్తున్నప్పుడు కూడా అలాగే వంగి ఉంటే మాత్రం మీకు చెప్పినాయన మాటే కరెక్ట్ కావచ్చు. మీరు రాసినదాన్ని బట్టి మాట్లాడినప్పుడే చేస్తోంది కాబట్టి నాకు మొదటిదే అనిపిస్తోంది, అయినా రెండూ ఎలా ఉంటాయో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ రెంటినీ కలిపేసుకుని లేట్ చేసినవాళ్లని నేను చూశాను.

పిల్లలు అన్నది ఊరికే ముద్దుకి అన్న మాట కాదు. హంగరీలో బుడాపెస్ట్‌లోని ఎట్వోష్ లోరాండ్ యూనివర్సిటీ వాళ్లు 2021లో దీనిమీదే ఒక స్టడీ పబ్లిష్ చేశారు. మొత్తం 40 కుక్కలు. బొమ్మలకి పేర్లు పెట్టి నేర్పిస్తే వాటిలో 33 కుక్కలకి ఎంత నేర్పినా ఆ పేర్లు రాలేదు, 7 మాత్రం పేరు చెప్పగానే సరైన బొమ్మ తెచ్చేసేవి. యజమాని బొమ్మ పేరు చెప్పి తెమ్మంటారు, బొమ్మలేమో పక్క గదిలో ఉంటాయి, అంటే కుక్క ఆ పేరు విని, గుర్తుపెట్టుకుని, కంటికి కనపడని బొమ్మని వెతికి తేవాలి. ఆ పేరు వినే టైంలో పేర్లు వచ్చిన 7 కుక్కలు 43 శాతం సార్లు తల వంచాయి, మిగతావి కేవలం 2 శాతం సార్లే. అందుకని ఆ సైంటిస్టులు అన్నదేంటంటే, తనకి అర్థం ఉన్న మాట వినపడినప్పుడు కుక్క దాన్ని మనసులో పట్టుకుని పోల్చుకుంటోందేమో, ఆ ధ్యాసే తల వంపుగా బయటకి కనపడుతోందేమో అని.

ఇక్కడ పిల్లలకి ఒక మాట చెప్పండి, ఆ తెలివైనవి ఏడే ఏడు కుక్కలు, అంత తక్కువ వాటిని చూసి తల వంచే ప్రతి కుక్కా మేధావి అనీ, వంచనిది మొద్దు అనీ అనేయకూడదు. ఆ 33 కుక్కలకి ఆ బొమ్మ పేరు ఉత్త శబ్దమే కదా, అదే వాటికి బాగా తెలిసిన ఇంకో మాట, బయటికెళ్దామా లాంటిది అంటే అవి కూడా వంచుతాయేమో ఎవరికి తెలుసు. నా అభిప్రాయం అడిగితే, తల వంపుని తెలివికి మార్కుల్లా కాకుండా "ఈ మాట నాకు తెలుసు, ఆగు, ఏంటది" అనే భావంలా చూడటం మంచిది.

ఎప్పుడూ కుడికే అన్నారు కదా, అదే మీకు భయం పెట్టినట్టుంది. భయపడక్కర్లేదు. అదే స్టడీలో ఒక్కో కుక్క తన పక్కకే, కుడి అయితే కుడికే ఎడమ అయితే ఎడమకే వంచుతూ వచ్చింది, యజమాని ఎటు నిలబడ్డా సరే. మనలో కుడిచేతి వాటం ఎడమచేతి వాటం ఉన్నట్టే అనుకోండి. కాబట్టి మాట విన్నప్పుడు మాత్రమే వంచే తల ఒకే పక్కకి వంగడం జబ్బు గుర్తు కాదు.

ఇంకో కారణం కూడా చెప్తుంటారు, మూతి అడ్డు. మీ పిడికిలి ముక్కు ముందు పెట్టుకుని ఎదుటి మనిషి ముఖం చూడండి, నోరు సరిగ్గా కనపడదు, కొంచెం తల వంచితే కనపడుతుంది. స్టాన్లీ కోరెన్ అనే సైకాలజిస్టు 582 మంది కుక్కల యజమానుల్ని అడిగితే, పొడుగు మూతి కుక్కలున్నవాళ్లలో 71 శాతం మంది మాది తరచుగా తల వంచుతుంది అన్నారు, బొద్దు ముఖం అంటే చపిడి మూతి కుక్కలున్నవాళ్లలో 52 శాతం మంది అన్నారు. తేడా ఉంది నిజమే, కానీ అడ్డమే లేని చపిడి మూతి కుక్కలు కూడా సగానికి పైగా వంచుతున్నాయంటే మూతి ఒక్కటే కారణం కాదని అర్థమవుతోంది కదా, పైగా అది యజమానులు చెప్పిన లెక్క, ఎవరూ కూర్చుని కొలిచింది కాదు. దీనికి తోడు మనం చేసే పని ఒకటుంది, అది తల వంచగానే మనం కరిగిపోయి దగ్గరికి తీసుకుంటాం, బిస్కెట్ పెడతాం, నాలుగుసార్లు అలా జరిగితే దానికి అలవాటైపోతుంది. అందులో తప్పేం లేదు.

ఇప్పుడు రెండో రకం. లోపలి చెవిలో వినడానికే కాదు, బ్యాలెన్స్ చూసుకోవడానికి కూడా ఒక భాగం ఉంటుంది, తాపీ మేస్త్రీ గోడ మీద పెట్టి చూసే రసమట్టం లాంటిదనుకోండి. రెండు చెవుల్లోంచీ సమానంగా కబురు వెళ్తేనే మెదడుకి తల నిటారుగా ఉందని తెలుస్తుంది. ఒక పక్క పాడైతే ఆ కబురు తగ్గిపోయి తల ఒరిగిపోతుంది, చాలావరకు పాడైన చెవి పక్కకే ఒరుగుతుంది. ఇది కుక్క కావాలని చేసేది కాదు, మీరు మాట్లాడినా మాట్లాడకపోయినా అలాగే ఉంటుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను. ఆరేళ్ల కుక్క, చెవులు పెద్దవిగా కిందికి వేలాడే జాతి. మూడు వారాలుగా తల కుడికి వంచుతోంది, ఇంట్లోవాళ్లు మేం చెప్పేది బాగా వింటోంది అని మురిసిపోయి ఫోటోలు కూడా తీసుకున్నారు. తర్వాత మెట్లు దిగేటప్పుడు రెండుసార్లు తూలింది, అప్పుడు తీసుకొచ్చారు. నేను ముందు చెవి చూడలేదు, వాళ్ల ఫోన్లో ఉన్న ఫోటోలే చూశాను. పడుకుని ఉన్న ఫోటోలో, బయట నడుస్తున్న ఫోటోలో, ఎవరూ పిలవనప్పుడు తీసినదాంట్లో, అన్నింటిలోనూ కుడి చెవి కిందికే ఉంది. అక్కడే నాకు సగం అర్థమైపోయింది. నీళ్లు తాగుతుంటే కుడి పక్క పెదవిలోంచి కారిపోతున్నాయి, కుడి కన్ను సరిగ్గా మూసుకోవట్లేదు, అంటే మధ్య చెవి పక్కనుంచి వెళ్లే ముఖం నరానికి కూడా దెబ్బ తగిలింది. నోరు తెరిపించబోతే నొప్పితో అరిచింది, చెవి దగ్గర వాసన.

వాళ్లు దాచకుండా ఒక విషయం చెప్పారు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చెవి గోక్కుంటోందని ఎప్పుడో మిగిలిపోయిన చుక్కల మందు వారం పాటు వేశారట. మత్తు ఇచ్చి లోపలికి చూస్తే కర్ణభేరికి చిల్లు ఉంది. చిల్లు ఉన్నప్పుడు కొన్ని మందులు, ముఖ్యంగా జెంటామైసిన్ లాంటివి మధ్య చెవిలోకి దిగి, అక్కడి నుంచి లోపలి చెవిని దెబ్బతీయగలవు, వినికిడీ పోవచ్చు బ్యాలెన్సూ పోవచ్చు. ఆ కుక్కకి అంతకుముందే ఇన్ఫెక్షన్ ఉంది కాబట్టి మందు వల్ల ఎంత పాడైందో విడదీసి చెప్పలేను. చెవి కడిగి, చీములో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకి పంపి, దానికి సరిపోయే యాంటీబయాటిక్ ఎనిమిది వారాలు వాడాం. తూలడం రెండు వారాల్లోనే తగ్గింది, నీళ్లు కారడం తర్వాత తగ్గింది, తల మాత్రం కొంచెం ఒరిగే ఉండిపోయింది. అది హాయిగా పరిగెడుతోంది, తింటోంది, కానీ ముందే వచ్చి ఉంటే ఆ కాస్త వంపు కూడా మిగిలేది కాదేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

ముసలి కుక్కల్లో ఇంకో రకం వస్తుంది. రాత్రి బాగానే ఉన్న కుక్క పొద్దున్నే తల ఒరగేసి, నిలబడలేక పడిపోతూ, కళ్లు అటూ ఇటూ టకటకా కొట్టుకుంటూ, వాంతులు చేసుకుంటూ కనపడుతుంది. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుని ఇక బతకదని ఆశ వదిలేసుకుంటారు. దయచేసి అలా వదిలేయకండి. ఏ కారణం కనపడకుండా ముసలితనంలో వచ్చే ఈ బ్యాలెన్స్ సమస్య చాలా కుక్కల్లో మొదటి మూడు రోజులే భయంకరంగా ఉండి తర్వాత తగ్గుతూ వస్తుంది, రెండు మూడు వారాలకి మామూలుగా తిరుగుతాయి. అయితే అది ఇదేనా, లేక చెవిలోనో మెదడులోనో వేరే సమస్య ఉందా అనేది డాక్టర్ పరీక్ష చేసే తేల్చాలి, ఇంట్లో కూర్చుని చెప్పలేం.

మీరు చేయాల్సింది చిన్న పని. మీ గొంతు వినపడకుండా ఎదురుగా కూర్చుని ఫోన్లో అర నిమిషం వీడియో తీయండి, తింటున్నప్పుడు ఒకటి, నడిచొస్తున్నప్పుడు ఒకటి, ఊరికే కూర్చున్నప్పుడు ఒకటి. తర్వాత వీడియో ఆపి రెండు కళ్లూ ఒకే గీత మీద ఉన్నాయా లేదా చూడండి, ఒక కన్ను కిందికి ఉంటే అది వంపు. ముక్కు పక్కకి తిరిగి కళ్లు మాత్రం సమంగా ఉంటే అది పక్కకి చూడటమే, వంపు కాదు, చాలామంది ఇక్కడ పొరపడతారు. ఆ తర్వాత దానికి బాగా తెలిసిన మాట ఒకటి, అసలు తెలియని మాట ఒకటి, రెండూ ఒకే గొంతుతో అని చూడండి. తెలిసినదానికే ఎక్కువ వంచితే పిల్లలు గెలిచినట్టే.

వీడియోల్లో ఎవరూ పిలవకపోయినా కళ్ల గీత ఒరిగి ఉంటే, లేదా తల తెగ విదిలించడం, చెవి గోక్కోవడం, చెవి వాసన, గట్టి వస్తువు కొరకడానికి వెనకాడటం లాంటివి ఉంటే ఒకట్రెండు రోజుల్లో చూపించండి. తూలి పడిపోతున్నా, కళ్లు కొట్టుకుంటున్నా, ఒకే పక్కకి గుండ్రంగా తిరుగుతున్నా ఆ రోజే తీసుకెళ్లండి. ఈలోపు చెవిలో నూనె గానీ పాత చుక్కలు గానీ ఇయర్ బడ్ గానీ ఏదీ పెట్టొద్దు, కుక్క చెవి గొట్టం లోపల కిందికి దిగి మలుపు తిరుగుతుంది, బడ్ పెడితే మురికి ఇంకా లోపలికే పోతుంది. ఆ వీడియోలు మాత్రం డిలీట్ చేయకుండా డాక్టర్‌కి చూపించండి, క్లినిక్‌లో భయపడి బిగుసుకుపోయిన కుక్కని చూడటం కంటే ఇంట్లో తీసిన వీడియోలే మాకు ఎక్కువ చెప్తాయి.