శైలూ, థీసిస్‌ని పుస్తకం చేసే ముందు ఇది చదువు

అమ్మా శైలూ,

నీ రొయ్యల గుంటల థీసిస్‌ని పుస్తకంగా వేయించాలని ప్రపోజల్ రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కావలి బజారంతా వినపడేట్టు చెప్పాలనిపించింది. ఆ రాత్రే టెన్షన్ కూడా పట్టుకుంది, ఎందుకంటే నువ్వు వైవా భయం ఇంకా వదల్లేదని నాకు తెలుసు.

చిన్న విషయాలు ముందు. పబ్లిషర్ వెబ్‌సైట్లో వాళ్ళ ప్రపోజల్ నమూనా ఉంటుంది, దాని ప్రకారమే పో. ఇది థీసిస్ నుంచి వచ్చిందనీ, థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్లో ఉందనీ దాచకు, ఏం మారిందో నాలుగు వాక్యాల్లో చెప్పు. "మీ థీసిస్ ఉన్నదున్నట్టు వేస్తాం" అని మెయిల్ పెట్టేవాళ్ళ జోలికి పోవద్దు, పోతే నా దగ్గరికి రావద్దు.

ఇక అసలు సంగతి. మా కాలేజీలో ఒకాయన మార్కాపురం పలకల గనుల మీద థీసిస్ చేశాడు. మంచి పని. పలకల గిరాకీ పడిపోయాక కూడా కూలీలు ఊరు ఎందుకు వదల్లేదో కనుక్కున్నాడు: యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరక. ఇంత మాట చేతిలో పెట్టుకుని పబ్లిషర్‌కి ఏం పంపాడు? యూనివర్సిటీకి ఇచ్చిన సినాప్సిస్‌నే ప్రపోజల్ మొదట్లో ఉండే ఓవర్‌వ్యూ అని పంపాడు. మొదటి పేజీ అంతా ఎవరెవరు ఏమన్నారో, అడ్వాన్సు మాట ఆఖరి పేరాలో "కొన్ని పరిశీలనలు" అనే మాట కింద. మీ వాదన ఏమిటని ఎడిటర్ మర్యాదగానే అడిగింది. ఈయన అవమానపడి ఇంకో పదిమంది పండితుల పేర్లు చేర్చాడు, అంటే అడిగినదానికి సరిగ్గా ఎదురు పని చేశాడు. ఆ పుస్తకం రాలేదు. పరీక్షకులకు నువ్వు చదివావని రుజువు కావాలి. ఎడిటర్‌కి అది అక్కర్లేదు, నువ్వు ఏం చెప్తున్నావో కావాలి. ఆయన ఇద్దరినీ ఒకరే అనుకున్నాడు.

నువ్వూ అదే దారిలో ఉన్నావేమోనని నా భయం. నీ సినాప్సిస్ "ఈ పరిశోధన నెల్లూరు తీర మండలాల్లో రొయ్యల సాగు సామాజిక, ఆర్థిక ప్రభావాలను పరిశీలిస్తుంది" అని మొదలవుతుంది కదా, అది కొట్టెయ్. ఇట్లా రాసి చూడు: "1990ల నడుమ రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి, అయినా సాగు ఆగలేదు. మేత అప్పుగా ఇచ్చిన డీలర్లు నష్టాన్ని కౌలుదారుల మీదికి నెట్టగలిగారు కాబట్టే అది నిలబడింది." ఇది నీ మాటే, నాలుగో అధ్యాయం చివర దాక్కుని ఉంది. పైకి లాగాను, అంతే.

పాఠకుల పేరాలో "విద్యార్థులు, పరిశోధకులు, విధాన నిర్ణేతలు, సామాన్య పాఠకులు" అని రాస్తే ఎవరూ లేరని రాసినట్టే. పబ్లిషర్ దగ్గర అది చదివి, కాపీలు ఎవరికి అమ్మాలో తేల్చుకునేవాళ్ళు ఉంటారు. నీ పాఠకుల్లో గ్రామీణ అప్పుల గురించి పాఠం చెప్పేవాళ్ళు మొదటివాళ్ళు: వాళ్ళకు నీ డీలర్ ఖాతాల అధ్యాయం పనికొస్తుంది. తీరప్రాంత పర్యావరణ చట్టం చదివేవాళ్ళు రెండోవాళ్ళు: తీరంలో రొయ్యల సాగు మీద 1996 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత గుంటల గట్ల మీద ఏం జరిగిందో నీ దగ్గర ఉంది. ఇద్దరు చాలు. మంత్రులు చదువుతారని ఆశపడకు తల్లీ.

అధ్యాయాల వివరణలు అన్నిటికంటే కష్టం. సాహిత్య సమీక్ష అధ్యాయం తీసేసి, దానిలో అవసరమైనది ఫుట్‌నోట్లకు పంపు. పరిశోధన పద్ధతి పుస్తకం చివర చిన్న అనుబంధం అవుతుంది. "అధ్యయన ప్రాంత పరిచయం" విడిగా వద్దు, నీటి ఉప్పదనం, భూముల లెక్కలు ఎక్కడ వాదనకు కావాలో అక్కడ చెప్పు. "దత్తాంశ విశ్లేషణ" ఒక్కటే మూడు అధ్యాయాలుగా విడిపోతుంది: గుంట ఎట్లా వచ్చింది, అప్పు ఎట్లా చేరింది, నష్టం ఎవరి నెత్తిన పడింది. ఒక్కోదానికి పేరా, మహా అయితే రెండు. "చర్చిస్తుంది", "వివరిస్తుంది" అని ముగిసే వాక్యం కనపడితే ఆగు, ఏం తేలిందో చెప్పలేదన్నమాట. అప్పు అధ్యాయానికి "రుణ విధానాలను చర్చిస్తుంది" అనకుండా, "పంట డీలర్‌కే అమ్మాలనే షరతు మీద మేత అప్పు దొరికేది, కాబట్టి ధర చెప్పే హక్కు కౌలుదారు చేతిలోంచి ముందే పోయింది" అని రాయి. రాశాక రెండు, మూడు వివరణలు తారుమారు చేసి చదువు. ఏమీ తేడా రాకపోతే వాటి మధ్య వాదన నడవడం లేదు.

అన్నట్టు, గుంటల యజమానులు నొచ్చుకుంటారని మాట మెత్తబరిచావేమో అని నాకో అనుమానం. నీ దగ్గర ఖాతా పుస్తకాలున్నాయి, మెత్తబరచకు. పేర్లు మాత్రం మార్చు, ఆ ఊళ్ళో మన బంధువులున్నారు.

ఓవర్‌వ్యూ ఇప్పుడే ముట్టుకోవద్దు, అధ్యాయాలు కుదిరాక దానంతటది వస్తుంది. ముందు అప్పు అధ్యాయం పేరా ఒక్కటి రాసి వాట్సాప్‌లో పెట్టు. కళ్ళు సరిగా లేవు, అక్షరాలు పెద్దవి చేసి పంపు.

మీ పెదనాన్న