మామిడాకు రంగు ట్యూబులో దొరకదు

అమ్మలూ,

మీ అమ్మ పంపిన ఫోటోలో నీ మామిడిచెట్టు బొమ్మ చూశాను. కొమ్మలు చక్కగా కుదిరాయి. ఆకులే ప్లాస్టిక్ తోరణంలా మెరుస్తున్నాయి. ఆకుపచ్చ ట్యూబులోంచి తీసి నేరుగా వేసేశావు కదా? ఇంకో నాలుగు రకాల ఆకుపచ్చలు కొంటానన్నావట. కొనకు. నీ పెట్టెలో ఉన్న అల్ట్రామెరైన్ నీలం, గాంబోజ్ పసుపు, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు చాలు.

తెల్ల పింగాణీ పళ్లెంలో బఠాణీ గింజంత పసుపు తీసుకుని నాలుగైదు చుక్కల నీళ్లతో కలుపు. నీలాన్ని మాత్రం కుంచె మొనతో కొంచెం కొంచెంగా చేర్చు. పసుపు కంటే నీలానికి బలం ఎక్కువ. ముందు నీలం పెట్టుకుని అందులో పసుపు కలుపుతూ పోతే ట్యూబు ఖాళీ అవుతుంది కానీ ఆకుపచ్చ రాదు.

అల్ట్రామెరైన్ కాస్త వంగపండు ఛాయకు, గాంబోజ్ కాస్త నారింజకు మొగ్గుతాయి. అంటే రెండింట్లోనూ ఎరుపు దాగి ఉంది. ఆకుపచ్చ మెరుపును చంపేది ఎరుపే. అందుకే ఈ జంట కలిస్తే వచ్చే ఆకుపచ్చ పుట్టడమే అణిగి పుడుతుంది. అప్పటికీ మెరుస్తుంటే బర్న్‌ట్ సియెన్నా కుంచె మొన మీద నిలిచేంత, అంతే, కలుపు. మెరుపు పోయి ముదురాకు రంగు వస్తుంది. కాస్త ఎక్కువైతే ఎండుటాకు అవుతుంది. నల్ల రంగు జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. పసుపులో నలుపు కలిపినా ఒక రకం ఆకుపచ్చ వస్తుంది కానీ, చెయ్యి తిరగకముందు చెట్టంతా మసిబారుతుంది.

పళ్లెంలో చూసి సరిపోయిందనుకోవద్దు. బొమ్మ వేసే కాగితం ముక్క మీదే ఒక గీత గీసి, పూర్తిగా ఆరనిచ్చి, నిజం మామిడాకు పక్కన పెట్టి చూడు. వాటర్ కలర్ ఆరాక పలచబడుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు ఒక పిసరు ముదురుగానే ఉండాలి. చెట్టుకంతా సరిపడా ఒకేసారి కలుపుకో, మళ్లీ కలిపితే అదే రంగు రావడం కష్టం. ఇంకొకటి, అల్ట్రామెరైన్ రేణువులు అడుగుకు దిగుతాయి. కుంచె ముంచిన ప్రతిసారీ కలియబెట్టకపోతే మొదటి ఆకులు పసుపుగా, చివరివి నీలంగా వస్తాయి.

రంగు బురదలా తయారైతే ఇంకో రంగు వేసి బాగుచేయాలని చూడకు. ముందు కుంచె కడిగే నీళ్లు చూడు, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. నీళ్లు మార్చి మళ్లీ మొదలుపెట్టు.

లేత వరినారు వేయాలంటే మాత్రం ఈ జంట పనికిరాదు, ఎంత కలిపినా ఆ తళుకు రాదు. దానికి ప్రష్యన్ బ్లూ, లెమన్ ఎల్లో కావాలి. ఆ రెండు ట్యూబులూ సంక్రాంతికి వచ్చేటప్పుడు నేనే తెస్తాను.

మీ పెదనాన్న