పాత మేనేజరుకు రాసే మెసేజ్‌లో అసలు ఉండాల్సిన వాక్యం

ప్రశ్న: నా వయసు 36. ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఆరేళ్లు పనిచేసి రెండేళ్ల క్రితం మానేశాను. అమ్మకు పక్షవాతం వచ్చింది, చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేకపోయారు. సరిగ్గా అప్పుడే టీమ్ లీడ్ పోస్టు నా జూనియర్‌కి ఇచ్చారు. ఆ కోపం కూడా ఉంది, వెళ్లేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే ఆ మాట అనేశాను. నోటీసు పీరియడ్ మాత్రం పూర్తిగా చేశాను. ఇప్పుడు అన్నయ్య వాళ్లు మా కింది పోర్షన్‌లోకి వచ్చారు, అమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది. ఏడాదిగా ఇంటి నుంచే ఒక చిన్న సంస్థ లెక్కలు చూస్తున్నాను. మళ్లీ పాత ఆఫీసులో చేరాలని ఉంది. మేనేజరు సారుకు రాసిన మెసేజ్ రెండు పేజీలైంది, పంపడానికి చెయ్యి రావడం లేదు. "వదిలేసి వచ్చిన చోటికే వెళ్లి అడుక్కోవడమేంటి" అంటున్నారు మా ఆయన. ఏం రాయను?

జవాబు: మీ మెసేజ్ చూడగానే మేనేజరు మనసులో వచ్చే మొదటి ప్రశ్న మీ పని గురించి కాదు. ఆరేళ్లు దగ్గరుండి చూసిన మనిషికి మీ పనితనం కొత్తగా చెప్పనక్కర్లేదు. "ఏ కారణంతో వెళ్లిపోయిందో ఆ కారణం ఇంకా ఉందా, తీరిపోయిందా?" అన్నదే ఆయనకు తెలియాలి. మిమ్మల్ని తిరిగి తీసుకోవాలంటే ఆయన తన పైవాళ్లకూ హెచ్‌ఆర్‌కూ మీ తరఫున మాట ఇవ్వాలి. ఆరు నెలలకే మీరు మళ్లీ మానేస్తే మాటపడేది ఆయనే. ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే వాక్యం ఉంటే మెసేజ్ పది లైన్లలో అయిపోతుంది. మీది రెండు పేజీలు కావడానికి కారణం బహుశా ఆ వాక్యం దొరక్కపోవడమే. అది దొరకనప్పుడు మనం దాని చుట్టూ జరిగిందంతా రాసుకుంటూ పోతాం.

"అమ్మకు ఇప్పుడు బాగానే ఉంది" అన్నది ఆ వాక్యం కాదు. అది మీకు ఎంతో ఊరట, కానీ చదివేవారికి భరోసా ఇవ్వదు. ఆరోగ్యం ఈరోజు ఉన్నట్టు రేపు ఉంటుందని ఎవరూ చెప్పలేరు. "మార్చి నుంచి అన్నయ్య కుటుంబం కింది పోర్షన్‌లో ఉంటోంది, పగలు అమ్మను వదిన చూసుకుంటుంది, ఆస్పత్రికి అన్నయ్య తీసుకెళ్తాడు" అనండి. ఇది అమ్మకు మళ్లీ నలతగా ఉన్నా నిలిచే ఏర్పాటు. మారింది పరిస్థితి మాత్రమేనా, ఏర్పాటు కూడానా అన్న తేడాను మేనేజర్లు వెంటనే పట్టుకుంటారు. పైగా అది ఎప్పటి నుంచి నడుస్తోందో నెల పేరుతో సహా ఉంటే, అది అనుకున్నది కాదు, ఇప్పటికే జరుగుతున్నది అని తెలుస్తుంది.

అయితే ఆ వాక్యం రాసే ముందు అది నిజమో కాదో ఇంట్లో తేల్చుకోవాలి. అన్నయ్య "మేం చూసుకుంటాంలే" అన్నంత మాత్రాన సరిపోదు. పగలంతా ఉండేది వదిన కాబట్టి ఆమెతోనే, ఆమె ఒక్కరే ఉన్నప్పుడు, మాట్లాడండి. రాకపోకలతో కలిపి రోజుకు పది గంటలు మీరు ఇంట్లో ఉండరు. మందుల వేళలు, స్నానం, ఫిజియోథెరపీ, రాత్రి మీరు ఆలస్యమైతే భోజనం ఎవరి బాధ్యతో ఒక్కొక్కటీ అడగండి. ఆమె పది రోజులు పుట్టింటికి వెళ్తే ఎవరుంటారో కూడా అడగండి. ఆ తర్వాత ఒక రెండు వారాలు, ఆఫీసు వేళల్లో మీ లెక్కల పనిని ఇంటి బయట ఎక్కడైనా కూర్చుని చేసుకోండి. ఇంటి నుంచి ఎన్నిసార్లు ఫోన్ వచ్చిందో, దేనికి వచ్చిందో రాసిపెట్టుకోండి. మాత్ర ఎక్కడుందని అడిగే ఫోన్లు వస్తే డబ్బా మీద పేర్లు రాస్తే సరిపోతుంది. "నువ్వు రావాల్సిందే" అనే ఫోన్లు వస్తుంటే మెసేజ్‌కి ఇంకా వేళ కాలేదు, ముందు ఒక ఆయానో ఇంకెవరి సాయమో కుదుర్చుకోవాలి.

ఇక రెండో కారణం. హెచ్‌ఆర్ వాళ్లతో అన్న మాట మీ ఫైల్లో నమోదై ఉండవచ్చు. మేనేజరుకు తెలిసి ఉండే అవకాశమూ ఎక్కువే. కాబట్టి "కేవలం అమ్మ కోసమే మానేశాను" అని రాయకండి. కేవలం అన్న ఒక్క పదం వల్ల మిగతా మెసేజ్ మీద కూడా నమ్మకం పోతుంది. అలాగని పాత గొడవను మెసేజ్‌లో తవ్వనూ వద్దు. రాతలో అది ఫిర్యాదులాగో క్షమాపణలాగో కనిపిస్తుంది. రెండూ ఆయనను ఇరుకున పెట్టేవే. "పాత హోదాలోనే చేరడానికి సిద్ధం" అన్న ఒక్క ముక్క చాలు. ఆ విషయంలో మీలో ఏం మారిందో దానితోనే ఆయనకు అందుతుంది. కానీ అది మనస్ఫూర్తిగా అనగలిగితేనే రాయండి. ఆ జూనియర్ మీ సెలవు చీటీ మీద సంతకం పెట్టే రోజును ఊహించుకోండి. అది మింగుడు పడకపోతే "పక్క టీమ్‌లో" అని అడగడమే నిజాయితీ, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

మీరు చెప్పిన వివరాలతో మెసేజ్ ఇలా ఉండవచ్చు. నెల నేను ఊహించి వేసిందే, మీది వేసుకోండి. పనుల పేర్లు కూడా మీరు చేసినవే ఉండాలి.

"నమస్కారం సార్. నేను (పేరు), ఎంప్లాయీ నంబరు (నంబరు). మీ టీమ్‌లో ఆరేళ్లు వెండర్ పేమెంట్స్ చూశాను, రెండేళ్ల క్రితం అమ్మకు పక్షవాతం వచ్చిన సమయంలో మానేశాను. మార్చి నుంచి అన్నయ్య కుటుంబం మా కింది పోర్షన్‌లోనే ఉంటూ పగలు అమ్మను చూసుకుంటున్నారు. అందువల్ల రోజూ ఆఫీసుకు రాగలను, నెలాఖరులో ఆలస్యమైనా ఇబ్బంది లేదు. ఏడాదిగా ఒక చిన్న సంస్థకు లెక్కలు, బ్యాంకు రీకన్సిలియేషన్ చూస్తున్నాను. మీ టీమ్‌లోగానీ పక్క టీమ్‌లోగానీ ఖాళీ ఉంటే తిరిగి చేరాలని ఉంది, పాత హోదాలోనే అయినా సరే. వచ్చే వారం మీకు వీలైనప్పుడు పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడవచ్చా? ప్రస్తుతం ఖాళీ లేకపోతే ఆ మాట చెప్పినా చాలు సార్."

దీన్ని ఆయన ఒక్కరే చదువుతారని అనుకోకండి. సుముఖంగా ఉంటే ఆయన చేసే మొదటి పని దీన్ని ఉన్నదున్నట్టు హెచ్‌ఆర్‌కు పంపడం. ఎంప్లాయీ నంబరు అందుకే. దానితో మీ పాత రికార్డు, నోటీసు పూర్తి చేసిన సంగతి, తిరిగి తీసుకోవచ్చా లేదా అన్న గుర్తు వెంటనే దొరుకుతాయి. నోటీసు పూర్తిగా చేయడం ఇక్కడ మీకు బాగా కలిసొస్తుంది. హెచ్‌ఆర్ చదివితే ఇబ్బందిపడే మాట ఏదైనా ఉంటే ఇప్పుడే తీసేయండి. జబ్బు వివరాలు, జీతం, ఇప్పుడు పనిచేస్తున్న సంస్థ మీద అసంతృప్తి, "మీరే దిక్కు" లాంటివి ఏవీ వద్దు. నెలాఖరు మాట కూడా నిజంగా కుదిరితేనే ఉంచండి. నెలకో రోజు అమ్మను మీరే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి ఉంటే ఆ సంగతి ఫోన్‌లో చెప్పండి, చేరాక దాచి పెట్టుకోవాల్సిన అవసరం రాదు.

మీవారి మాటకు జవాబు కూడా ఆ మెసేజ్ చివరి వాక్యంలోనే ఉంది. "లేదు" అనడానికి ఎదుటివారికి చోటు ఉంచి అడిగేది ఉద్యోగపు విచారణే. ఆ చోటు లేకుండా జాలి గొలిపేలా రాస్తేనే మీవారు భయపడుతున్నట్టు అవుతుంది. పంపే ముందు ఆయనకు చూపించండి. ఆయన మనసులో కనిపించే మెసేజ్ బహుశా ఇది కాదు.

అకౌంట్స్‌లో నెల చివరి రోజులూ మరుసటి నెల మొదటి వారమూ ఎలా ఉంటాయో మీకు తెలుసు. అప్పుడు పంపితే చదివి పక్కన పెట్టేస్తారు, తర్వాత మరిచిపోతారు. నెల మధ్యలో ఒక పనిదినాన పొద్దున పంపండి. సారు ఇంకా అక్కడే, అదే విభాగంలో ఉన్నారో లేదో ముందు చూసుకోండి. అప్పట్లో సెలవు కావాలంటే ఏ దారిలో, ఏ భాషలో అడిగేవారో ఇదీ అలాగే పంపండి. పాత స్నేహితులకు ముందుగా చెప్పకండి, మీ మెసేజ్ కంటే ముందే ఆ వార్త మరో రూపంలో ఆయన్ను చేరుతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు కూడా ముందే పెట్టకండి. కొన్ని కంపెనీల్లో ఒకసారి దరఖాస్తు నమోదైతే, ఆ తర్వాత లోపలివాళ్లు చేసే సిఫార్సు కొన్నాళ్లపాటు చెల్లదు. ఖాళీకి గడువు తేదీ దగ్గరపడితే మాత్రం ఆగకండి.

వారం, పది రోజులు జవాబు రాకపోతే ఒకే ఒక్కసారి రెండు లైన్లు రాయండి: "సార్, పోయిన వారం రాసిన విషయం గుర్తు చేస్తున్నాను. మీకు వీలు కాకపోతే హెచ్‌ఆర్‌లో ఎవరిని అడగాలో చెప్పగలరా?" దానికీ మౌనమే అయితే నేరుగా హెచ్‌ఆర్‌కు రాయండి, ఆయన్ను మళ్లీ కదపవద్దు. "చూద్దాం" అంటే కొత్తవాళ్లను మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో నెల అడిగి, అప్పటికి మళ్లీ రాయండి.

ఫోన్ వస్తే ఒక ప్రశ్న ఖాయం: "ఆ టీమ్ లీడ్ విషయం మరి?" తడుముకోకుండా ఉండాలంటే జవాబు ముందే గట్టిగా పలికి చూసుకోండి. "అప్పుడు బాధపడ్డాను సార్, ఆ మాట హెచ్‌ఆర్‌తో కూడా అన్నాను. ఇప్పుడు ఆయన కింద పనిచేయడానికి నాకు అభ్యంతరం లేదు" అని అక్కడితో ఆపండి. ఎవరికి ఎంత అర్హత ఉందన్న చర్చలోకి దిగితే సంభాషణ మళ్లీ రెండేళ్లు వెనక్కి పోతుంది.

జీతం సంగతి హెచ్‌ఆర్ ఎత్తినప్పుడే మాట్లాడండి. అప్పుడు పాత ఆరేళ్ల సర్వీసు కలుపుతారా, కొత్తగా చేరినట్టే లెక్కిస్తారా, ప్రొబేషన్ మళ్లీ ఉంటుందా అని అడిగి, వాళ్లు ఒప్పుకున్నది ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. ఆ లెటర్ చేతికి వచ్చేదాకా ఇప్పుడు చూస్తున్న లెక్కల పని మానవద్దు. వచ్చాక ఆ సంస్థకు కూడా చెప్పి, పుస్తకాలు ఏ తేదీ వరకు రాశారో అప్పగించడానికి కావలసిన రోజులు లెక్కేసుకుని, చేరే తేదీ ఇవ్వండి.