సోర్స్ పేరు పెట్టినా ప్లేజరిజమేనా?

"అక్కా, పేరాగ్రాఫ్ చివర రచయిత పేరు పెట్టాను, సంవత్సరం పెట్టాను, పదాలు కూడా మార్చాను. అయినా ప్లేజరిజం అని సున్నా వేశారు. ఇంకేం చెయ్యాలి?"

ప్రతి ఏడాదీ అక్టోబర్ వచ్చేసరికి, అంటే ఫాల్ సెమిస్టర్‌లో మొదటి వ్యాసాల మార్కులు చేతికొచ్చే వేళకి, ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. నేను ఇక్కడ అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీ రైటింగ్ సెంటర్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అడిగినవాళ్లలో దొంగతనంగా రాసినవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది ఈ తమ్ముడిలాగే నిజాయితీగా పేరు పెట్టి, పదాలు మార్చి, ఇంక పనైపోయింది అనుకున్నవాళ్లే.

ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. ప్లేజరిజం అంటే ఇంకొకరి మాటల్నో ఆలోచననో నీవిగా చూపించడం. పేరు పెట్టడం అంటే "ఈ ఆలోచన ఫలానావాళ్లది" అని చెప్పడం. వాక్యం ఎవరిదో అది చెప్పదు. కొటేషన్ గుర్తులు లేకుండా పేరు ఒక్కటే ఉంటే, ఆలోచన రచయితది, మాటలు మాత్రం నీవి అని చదివేవాళ్లు అనుకుంటారు. మాటలూ ఆయనవే అయితే నువ్వు చెప్పింది అబద్ధం అయినట్టే, కింద ఎంత శుభ్రంగా పేరు, సంవత్సరం రాసినా సరే.

మనకి ఇది ఎందుకు ఎక్కదంటే ఇంటర్ దాకా మనం చేసిందంతా దీనికి తలకిందులు. గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు దింపితే ఫుల్ మార్కులు, సొంతంగా రాస్తే "టెక్స్ట్‌బుక్‌లో అలా లేదు" అని కోత. అంత బాగా నేర్చుకున్న అలవాటు విమానం ఎక్కగానే పోదు కదా.

సరే, చేసి చూద్దాం. కింది పేరా సాధన కోసం నేనే రాశాను. కాలేజీలో నువ్వు చదివేదీ రాసేదీ ఇంగ్లిష్‌లోనే అయినా, తేలిగ్గా తెలియాలని ఇక్కడ అన్నీ తెలుగులో పెడుతున్నాను. రావు అనే రచయిత 2015లో రాసిన పుస్తకంలో 42వ పేజీలో ఉందని అనుకో.

"ఆనకట్ట కట్టకముందు గోదావరి డెల్టాలో నది నిండుగా పారుతున్నా నీరు పొలానికి అందేది కాదు. వరదొస్తే పంట మునిగేది, వాన తప్పితే ఎండేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నదిలో నీటి మట్టం పెరిగి, కాలువల ద్వారా నీరు పొలాలకు చేరింది. తరువాతి దశాబ్దాల్లో వరి సాగు విస్తరించి, కరువుకు పేరుపడిన ప్రాంతం ధాన్యం ఎగుమతి చేసే ప్రాంతంగా మారింది."

దీన్ని సొంత మాటల్లో చెప్పడమే పారాఫ్రేజ్. ఇప్పుడు సున్నా తెచ్చుకునే పారాఫ్రేజ్ ఇలా ఉంటుంది:

"బ్యారేజీ నిర్మించకముందు గోదావరి డెల్టాలో నది పుష్కలంగా ప్రవహిస్తున్నా జలం చేనుకు చేరేది కాదు. వరద వస్తే పైరు మునిగిపోయేది, వర్షం పడకపోతే ఎండిపోయేది (రావు, 2015)."

పదాలన్నీ మారాయి కదా అంటావు. రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టుకుంటూ చదువు. మొదటి వాక్యంలో "కట్టకముందు, పారుతున్నా, అందేది కాదు" అనే వరస ఎలా ఉందో నీ దాంట్లోనూ అలాగే ఉంది. రెండో వాక్యంలో వరద ముందు, వాన తరువాత, అదే తూగు. పాత చొక్కాకి గుండీలు మార్చావు, అంతే. ఇంగ్లిష్ బోధించేవాళ్లు దీన్ని ప్యాచ్‌రైటింగ్ అంటారు. రెబెకా మూర్ హోవర్డ్ అనే ఆవిడ 1990లలో దీని మీద రాస్తూ, ఇది చాలాసార్లు మోసం కాదనీ, కొత్త విషయాన్ని ఇంకా పూర్తిగా జీర్ణించుకోని విద్యార్థి వేసే తప్పటడుగు అనీ వాదించారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. కానీ నీ కాలేజీ నియమాల పుస్తకం అంత దయగా ఉండకపోవచ్చు, అది గుర్తుంచుకో.

ఇంకో సంగతి గమనించావా? "ఆనకట్ట" తీసేసి "బ్యారేజీ" పెట్టడంతో ఏకంగా చరిత్రే తప్పయింది. 1852లో పూర్తయింది ఆనకట్ట. ఇప్పుడు మనం చూసే కాటన్ బ్యారేజీ దాని స్థానంలో 20వ శతాబ్దంలో కట్టింది. పర్యాయపదం కోసం వెతికితే ఇలాంటివే జరుగుతాయి. ఆనకట్ట, డెల్టా, కాలువ లాంటి మాటలు ఎవరి సొత్తూ కావు, వాటిని అలాగే ఉంచాలి. మార్చాల్సింది వాక్యం నడక, విషయం చెప్పే వరస.

మరి సరిగ్గా ఎలా? నేను పిల్లలకి చెప్పే కిటుకు మన తెలుగువాళ్లకి బాగా కలిసొస్తుంది. ఇంగ్లిష్ పేరా రెండుసార్లు చదువు. ల్యాప్‌టాప్ మూసెయ్యి. వంటింట్లోకి వెళ్లి, కుక్కర్ పెడుతున్న రూమ్మేట్‌కి ఆ పేరాలో ఏముందో తెలుగులో చెప్పు. "ఒరేయ్, నీళ్లు లేక కాదురా వాళ్లకి కష్టం, నది కిందుంది, పొలం పైనుంది, నీళ్లు ఎక్కవు. ఆనకట్ట వేసి మట్టం పెంచాక గానీ వరి పెరగలేదు." చూశావా, వాన సంగతి, వరద సంగతి పోయాయి, అసలు విషయం మిగిలింది. రచయిత ఇంగ్లిష్ వాక్యం తెలుగులోకి దిగేసరికే విరిగిపోతుంది. ఇప్పుడు వచ్చి, మూలం చూడకుండా, నువ్వు తెలుగులో చెప్పినదాన్నే ఇంగ్లిష్‌లో రాయి. ఆ తరువాతే మూలం తెరిచి, పేరు, సంవత్సరం, అంకెలు సరిచూసుకో. అలా రాస్తే ఇలా వస్తుంది:

"రావు (2015) ప్రకారం డెల్టా రైతు ఇబ్బంది నీటి కొరత కాదు, నది నీటిని పొలం ఎత్తుకు తెచ్చే ఏర్పాటు లేకపోవడం. 1852 నాటి ఆనకట్ట ఆ లోటు తీర్చాకే వరి సాగు పెరిగి, ఒకప్పుడు కరువులు చూసిన నేల తిండిగింజలు బయటికి పంపే స్థితికి వచ్చింది."

రచయిత పేరు ముందే వచ్చింది కాబట్టి ఆలోచన ఎక్కడ మొదలైందో తెలుస్తోంది. చాలామంది ఐదు వాక్యాలు రాసి చివరిదానికి మాత్రం పేరు తగిలిస్తారు. అప్పుడు మొదటి నాలుగూ ఎవరివో చదివేవాడికి తెలియదు.

ఒక జాగ్రత్త. తెలుగులో చెప్పడం వేరు, అనువదించడం వేరు. తెలుగు పుస్తకంలోనో పత్రికలోనో ఉన్నదాన్ని వాక్యానికి వాక్యం ఇంగ్లిష్‌లోకి మార్చి, సాఫ్ట్‌వేర్ పట్టుకోదులే అని పేరు పెట్టకుండా ఇచ్చేవాళ్లున్నారు. అదీ ప్లేజరిజమే. మూలం ఏ భాషలో ఉన్నా పేరు పెట్టాల్సిందే.

రచయిత మాటే కావాలనిపిస్తే దర్జాగా కొటేషన్‌లో పెట్టు, సిగ్గేం లేదు. పై పేరాలో "కరువుకు పేరుపడిన ప్రాంతం" అన్న ముక్క నచ్చిందనుకో, ఆ మూడు మాటలకీ గుర్తులు పెట్టి, పేజీ నంబరు ఇవ్వాలి. సోర్స్ చూపించడానికి కాలేజీల్లో వాడే ఏపీఏ పద్ధతిలో ఇలా:

```
(Rao, 2015, p. 42)
```

పారాఫ్రేజ్‌కి ఏపీఏలో పేజీ తప్పనిసరి కాదు, కొటేషన్‌కి తప్పనిసరి. 40 పదాలు, అంతకు మించి ఉన్న కొటేషన్‌ని విడిగా, లోపలికి జరిపిన పేరాగా రాస్తారు, దానికి గుర్తులు పెట్టరు. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎక్కువగా ఎంఎల్ఏ అనే ఇంకో పద్ధతి అడుగుతారు, అందులో వాక్యం మధ్య సంవత్సరం ఉండదు, పేరూ పేజీ మాత్రమే. ఏది కావాలో సిలబస్ కాగితంలో రాసుంటుంది, చూసుకో.

ఇంకో రకం తప్పు ఎవరూ చెప్పరు గానీ నాకు తరచు కనిపించేది. "ధవళేశ్వరం ఆనకట్టతో డెల్టాలో కరువే లేకుండా పోయింది (రావు, 2015)." ఇక్కడ మాటలు నీవే, కాపీ లేదు. కానీ రావు అలా అనలేదు. సాగు పెరిగింది అన్నాడు, ఎగుమతి అన్నాడు. ఆయన అననిది ఆయన నోట్లో పెట్టావు. దాన్ని దిద్దాలంటే "లేకుండా పోయింది" అన్న చోట ఆయన నిజంగా చెప్పినది రాయాలి, లేదా అది నీ అభిప్రాయం అయితే పేరు తీసేసి నీ వాదనగా నిలబెట్టుకోవాలి.

ఇప్పుడు నీ వంతు. ఎకనామిక్స్ మొదటి నెలలో వచ్చే విషయమే, ఇది కూడా నేను రాసిందే: "బియ్యం ధర పెరిగినా జనం కొనడం పెద్దగా తగ్గించరు, ఎందుకంటే తిండికి ప్రత్యామ్నాయం తేలిగ్గా దొరకదు. సినిమా టికెట్ ధర పెరిగితే మాత్రం ఇంట్లోనే కూర్చుంటారు." కింద చూడకుండా దీన్ని నీ మాటల్లో రాసి, తరువాత పోల్చుకో.

ఒకబ్బాయి "రైస్ రేటు ఎక్కువైనా ప్రజలు కొనుగోలు అంతగా తగ్గించరు, ఎందుకంటే ఆహారానికి బదులు సులభంగా దొరకదు" అని రాశాడు. మళ్లీ గుండీలే. దాన్ని ఇద్దరం కలిసి ఇలా దిద్దాం: "ఒక వస్తువు ఖరీదైతే జనం దాన్ని వదిలేస్తారా లేదా అన్నది, దాని బదులు ఇంకేమైనా ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది. సినిమా మానుకోవచ్చు, అన్నం మానుకోలేం." సోర్స్ పేరు మొదట్లోనే పెట్టాం. మూలం ఉదాహరణతో మొదలైతే మనం సూత్రంతో మొదలుపెట్టాం, అందుకే నడక మారింది.

వ్యాసాన్ని ఇతర రాతలతో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ ఇచ్చే శాతం గురించి కూడా అందరికీ టెన్షనే. "15 శాతం దాటలేదు కదా" అంటారు. ఆ అంకె ప్లేజరిజం కొలత కాదు. నీ రాత ఇతర రాతలతో ఎంత కలిసిందో చెబుతుంది, అంతే. సెట్టింగ్‌లో తీసెయ్యకపోతే కొటేషన్లూ, చివరి పుస్తకాల జాబితా కూడా లెక్కలోకి వస్తాయి. 30 శాతం ఉన్నా తప్పు లేని వ్యాసం ఉంటుంది, 4 శాతంలోనే గుర్తులు లేని ఒక నిండు పేరా దొరకొచ్చు. రిపోర్ట్ తెరిచి, రంగు పడిన ప్రతి చోటా గుర్తులు ఉన్నాయా, పేరు ఉందా అని చూడు.

నా సంగతీ చెప్తాను. మొదటి సెమిస్టర్‌లో హిస్టరీ పేపర్ కోసం లైబ్రరీ పుస్తకాల నుంచి నోట్స్ రాసుకున్నాను. ఏది పుస్తకం మాట, ఏది నా మాట అని గుర్తు పెట్టుకోలేదు. మూడు వారాల తరువాత ఆ నోట్స్ చూసి రాస్తుంటే రెండు వాక్యాలు భలే కుదిరాయనుకున్నాను. కుదరక ఏం చేస్తాయి, అవి పుస్తకంలోవే! ప్రొఫెసర్ ఆఫీసుకి పిలిచి, ఆ పుస్తకం నా ముందు తెరిచి పెట్టారు. నోటంట మాట రాలేదు. అప్పటినుంచి పుస్తకం మాట రాసుకునేటప్పుడే కొటేషన్ గుర్తులు, పక్కనే పేజీ నంబరు, నా మాటైతే ముందు ఒక చుక్క.

నీకు ఇప్పటికే ఈమెయిల్ వచ్చి ఉంటే మీటింగ్ తప్పించుకోకు. నోట్స్, డ్రాఫ్ట్‌లు ఏవీ డిలీట్ చెయ్యకు. గూగుల్ డాక్స్‌లో రాస్తే వెర్షన్ హిస్టరీలో నువ్వు ఏ రోజు ఏం రాశావో కనిపిస్తుంది, అది తీసుకెళ్లు. విషయం సస్పెన్షన్ దాకా పోయేలా ఉంటే, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అదే రోజు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓని, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని కలవాలి, ఎందుకంటే సెమిస్టర్ మధ్యలో ఆగిపోతే వీసా స్టేటస్ కూడా దాంతోపాటే కదులుతుంది. ఈ తమ్ముడికి అంత దూరం రాలేదు. రెండు పేరాలు తిరగరాసి పట్టుకెళ్తే మళ్లీ దిద్దుతానన్నారట వాళ్ల ప్రొఫెసర్. మొన్న రాత్రి ఫోన్ చేసి మొదటి పేరా తెలుగులో చెప్పాడు, బాగానే చెప్పాడు, రెండోది ఇంకా చదవలేదట.